గణితం డిగ్రీ, జూనియర్ ట్రేడర్ పోస్టు: ఈ కవర్ లెటర్‌లో తేడా ఎక్కడుంది?

సున్నా_బై_సున్నా
గణితంలో డిగ్రీ అయింది. చిన్న బ్రోకరేజ్ సంస్థల్లో జూనియర్ ట్రేడర్ ఉద్యోగాలకి పంపుతున్నా, ఎక్కడా ఉలుకూ పలుకూ లేదు. మార్కులు బాగానే ఉన్నాయి, రెజ్యూమే ఒక్క పేజీ. ఇక మిగిలింది ఈ లెటరే. చదివి మొహమాటం లేకుండా చెప్పండి.

"మీ సంస్థలో జూనియర్ ట్రేడర్ ఉద్యోగానికి దరఖాస్తు చేస్తున్నాను. గణితంలో ప్రథమ శ్రేణిలో పట్టా పొందాను. మెజర్ థియరీ, స్టొకాస్టిక్ ప్రాసెసెస్, ఫంక్షనల్ అనాలిసిస్ చదివాను. మార్కెట్లంటే ఎప్పటినుంచో అమితమైన ఆసక్తి. నేను స్వయంగా రూపొందించిన ట్రేడింగ్ స్ట్రాటజీని ఏడాది డేటా మీద పరీక్షించగా 68 శాతం ట్రేడ్లు లాభంలో ముగిశాయి, షార్ప్ రేషియో 1.5 వచ్చింది. ఒత్తిడిలో పనిచేయగలను, త్వరగా నేర్చుకుంటాను. నా విశ్లేషణా సామర్థ్యంతో మీ సంస్థ లాభాలను పెంచగలనని నమ్ముతున్నాను."

ప్రకటనలో పని గురించి రాసింది ఇంతే: క్లయింట్ల ఆర్డర్లు తీసుకోవడం, ఎగ్జిక్యూట్ చేయడం, రోజు చివర ట్రేడ్లు సరిచూడటం, సెటిల్‌మెంట్ విభాగానికి అందజేయడం.

గోడమీద_పిల్లి
ఫంక్షనల్ అనాలిసిస్ చూసి వాళ్లు భయపడి ఉంటారు 😄

లాభాల_లక్ష్మణ్
నాకైతే బాగానే ఉంది తమ్ముడూ. 68 శాతం అంటే మాటలా? దాన్ని పైకి తెచ్చి మొదటి లైన్లోనే పెట్టు. గ్రాఫ్ స్క్రీన్‌షాట్ కూడా జత చెయ్.

సున్నా_బై_సున్నా
తమ్ముడు కాదు, చెల్లెలు.

డీలింగ్_డెస్క్
లెటర్ సంగతి తర్వాత, ముందు ప్రకటన మళ్లీ చదువు. అందులో నాలుగు పనులున్నాయి. నాలుగింటిలో ఒక్కటైనా మార్కెట్ ఎటు పోతుందో చెప్పే పని కాదు. అది క్లయింట్ ఆర్డర్ల మీద కమిషన్ తీసుకునే సంస్థ. దాని సొంత డబ్బు మార్కెట్లో ఉండకపోవచ్చు కూడా. అక్కడ ట్రేడర్ అంటే, క్లయింట్ పది వేల షేర్లు కొనమంటే ధర ఎగదొయ్యకుండా, తప్పు లేకుండా కొని, సాయంత్రానికి లెక్క అప్పజెప్పే మనిషి.

ఇప్పుడు నీ ఆఖరి వాక్యం వాళ్ల కళ్లతో చదువు. "మీ సంస్థ లాభాలను పెంచగలను." క్లయింట్ ఆర్డర్లు కళ్లముందు పెట్టుకుని సొంతంగా పందేలు కాయాలనుకునే మనిషి వాళ్లకి ఆస్తి కాదు, తలనొప్పి. క్లయింట్ ఆర్డర్ కంటే ముందు తను కొనేస్తుందేమో అన్న అనుమానం వస్తే చాలు, కాగితం పక్కకి వెళ్తుంది. నువ్వు ఆ ఉద్దేశంతో రాయలేదని నాకు తెలుసు. చదివేవాడికి తెలియదుగా.

కమిషన్_కనకం
ఆ బ్రోకరేజ్‌లో కమిషన్ ఎంతో ఎవరికైనా తెలుసా? నేనూ ఖాతా తెరుద్దామనుకుంటున్నా.

గోడమీద_పిల్లి
కనకం గారూ, ఆవిడ ఖాతా తెరవట్లేదు, ఉద్యోగం అడుగుతోంది.

లాభాల_లక్ష్మణ్
@డీలింగ్_డెస్క్ అన్నీ అలాంటివే ఉండవు కదా. సొంత డబ్బుతో ఆడే చిన్న సంస్థలు కూడా ఉన్నాయి. వాళ్లకి స్ట్రాటజీ కావాలి.

డీలింగ్_డెస్క్
ఉన్నాయి, కాదనను. ప్రకటన చూస్తే తేడా తెలిసిపోతుంది. సొంత డబ్బు డెస్క్ అయితే పొజిషన్, రిస్క్ లిమిట్, లాభంలో వాటా లాంటి మాటలుంటాయి. ఇక్కడ క్లయింట్, ఎగ్జిక్యూషన్, సెటిల్‌మెంట్ ఉన్నాయి. ఒకే లెటర్ రెండు చోట్లకీ పంపితే రెండు చోట్లా తప్పే.

మూడో_దశాంశం
నేను ఆ 68 దగ్గరే ఆగిపోయా. గెలిచిన ట్రేడ్‌లో సగటున ఎంత వచ్చింది, ఓడిన ట్రేడ్‌లో సగటున ఎంత పోయింది? ఆ రెండూ లేకుండా 68 శాతం అన్న మాటకి అర్థమే లేదు. పైగా రాసింది గణితం చదివిన మనిషి. అందుకే ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

సున్నా_బై_సున్నా
మొత్తం 212 ట్రేడ్లు, 144 లాభం. సగటు లాభం 0.50 శాతం, సగటు నష్టం 0.85 శాతం. ఖర్చులు కలపలేదు. మూవింగ్ యావరేజ్ జతలు ఒక నలభై దాకా ప్రయత్నించి, బాగా వచ్చినదాన్ని ఉంచాను.

మూడో_దశాంశం
సరే, చేద్దాం.

0.68 × 0.50 = 0.340
0.32 × 0.85 = 0.272

తేడా 0.068. అంటే ఒక్కో ట్రేడ్‌కి సగటున 0.068 శాతం మిగిలింది. ఇంతవరకు లాభమే.

ఇప్పుడు ఖర్చు. ఆ షేర్‌లో కొనేవాడి ధర 100.16, అమ్మేవాడి ధర 100.20 అనుకో. నువ్వు ఎగబడి కొని, ఎగబడి అమ్మితే ఒక రౌండ్‌కి స్ప్రెడ్ అనే ఆ మధ్య దూరం మొత్తం పోతుంది, అంటే సుమారు 0.04 శాతం. రుసుములు ఒక్కో వైపు 0.015 వేసుకున్నా రెండు వైపులా 0.03. మొత్తం 0.07. నీ దగ్గర ఉన్నది 0.068.

సున్నా కంటే వెంట్రుకవాసి కింద ఉన్నావు. నువ్వు గొప్పగా రాసుకున్న 68 శాతం స్ట్రాటజీ ఇదే. ఖర్చు అంకెలు నేను ఊహించినవే, నీ షేర్‌కి నిజంగా ఎంతో నువ్వే చూడాలి. కానీ ఇంత సన్నటి అంచు మీద నిలబడిందాన్ని గొప్పగా చెప్పుకోకూడదు.

లాభాల_లక్ష్మణ్
షార్ప్ 1.5 ఉంది కదా మరి? అది మంచిదేగా.

మూడో_దశాంశం
షార్ప్ అంటే సగటు రాబడిని దాని ఒడిదుడుకులతో భాగించిన అంకె. అదీ ఖర్చులు తీయకముందుదే. ఖర్చు తీస్తే పైనున్న లాభమే లేదు, ఇక రేషియో ఎక్కడుంటుంది.

అది పక్కన పెట్టినా, ఒక్క ఏడాది డేటాతో కొలిచిన షార్ప్‌కి స్టాండర్డ్ ఎర్రర్ దాదాపు 1 ఉంటుంది. 1.5 అంటే మైనస్ 0.5 నుంచి 3.5 దాకా ఎక్కడైనా ఉండొచ్చన్నమాట. ఎర్రర్‌ని సగానికి తేవాలంటే నాలుగేళ్ల డేటా కావాలి. ఇక నలభై జతల్లోంచి ఏరిందన్నావు. ఏ పసా లేని నలభై స్ట్రాటజీలు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా ఉంటే, ఏడాదిలో వాటిలో అన్నింటికన్నా మంచిదాని షార్ప్ 2 దాటడం మామూలే. నీ జతలు ఒకదానికొకటి దగ్గరి చుట్టాలే కాబట్టి అంత రాదు, కానీ 1.5 రావడం వింతేం కాదు.

పేపర్_పులి
ఇంకోటి చూడండి. సిగ్నల్ ఏ రోజు ముగింపు ధరతో వచ్చిందో అదే రోజు రాబడితో గుణించారా? బ్యాక్‌టెస్ట్‌ల్లో చాలావాటికి పురుగు పట్టేది అక్కడే.

```python
ret = price.pct_change()
pnl = signal.shift(1) * ret
```

ఆ `shift(1)` లేకపోతే సాయంత్రం తెలిసిన విషయంతో పొద్దున్నే కొన్నట్టు లెక్క. గ్రాఫ్ చూస్తే తెలిసిపోతుంది: మెట్లు ఎక్కినట్టు నున్నగా పైకే పోతుంటే అనుమానించాలి.

సున్నా_బై_సున్నా
షిఫ్ట్ ఉంది. అయితే ఆ పేరా మొత్తం తీసేయనా? అది తీసేస్తే నా దగ్గర ఇంకేం మిగలదు, సబ్జెక్టుల పేర్లు తప్ప.

డీలింగ్_డెస్క్
తీసెయ్. చిన్న సంస్థలో లెటర్ చదివేది నియామకాల విభాగం కాదు, డెస్క్ పెద్దే. మార్కెట్ తెరవకముందు రెండు నిమిషాల్లో చదువుతాడు. స్ట్రాటజీ అన్న మాట కనిపించగానే అతని మనసులో నువ్వు వేరే డబ్బాలో పడిపోతావు.

మూడో_దశాంశం
నేను ఒప్పుకోను. ఉంచాలి, కానీ తిరగేసి ఉంచాలి. "212 ట్రేడ్ల బ్యాక్‌టెస్ట్‌లో ట్రేడ్‌కి 0.068 శాతం కనిపించింది, స్ప్రెడ్, రుసుములు తీసేస్తే ఏమీ మిగల్లేదు" అని రాసే అభ్యర్థి ఎంతమంది? ఎగ్జిక్యూషన్ ఖర్చు ఎంత తింటుందో తెలిసిన మనిషి అని ఆ ఒక్క వాక్యమే చెబుతుంది. ఎగ్జిక్యూషన్ డెస్క్‌కి కావలసింది సరిగ్గా అదే కదా?

డీలింగ్_డెస్క్
ఇంటర్వ్యూలో అయితే సరే. లెటర్‌లో "ఏమీ మిగల్లేదు" అన్న ముక్కే కంటికి తగులుతుంది. ముందున్న వాదన తగలదు.

పేపర్_పులి
నేను దశాంశం వైపు.

గోడమీద_పిల్లి
నేను గోడమీదే.

డీలింగ్_డెస్క్
దాన్ని పక్కన పెట్టి, ఆ చోట్లో ఏం పెట్టొచ్చో చెబుతా. ఈ డెస్క్ రోజూ ఎదుర్కొనే లెక్క ఒకటి తీసుకో.

క్లయింట్ పది వేల షేర్లు కొనమన్నాడు. స్క్రీన్ మీద కొనేవాళ్లు 100.16, అమ్మేవాళ్లు 100.20. మధ్య ధర 100.18. కానీ 100.20 దగ్గర ఉన్నవి నాలుగు వేలే. ఆ తర్వాత అమ్మేవాడు 100.45 దగ్గర ఉన్నాడు, ఆరు వేలతో. మార్కెట్ ఆర్డర్ ఒక్కటి కొట్టావంటే సగటు:

(4,000 × 100.20 + 6,000 × 100.45) / 10,000 = 100.35

మధ్య ధరతో పోలిస్తే షేర్‌కి 0.17 ఎక్కువ. పది వేలకి 1,700. అందులో స్ప్రెడ్‌లో సగం కింద పోయింది షేర్‌కి 0.02 మాత్రమే. మిగతా 0.15 పోయింది మనం లోతు చూసుకోకుండా తోసుకెళ్లినందుకు. అదే ఆర్డర్ 100.20 లిమిట్‌తో పెట్టి ఉంటే నాలుగు వేలు వెంటనే వచ్చేవి, మిగతావాటికి అమ్మేవాళ్లు మళ్లీ చేరేదాకా ఆగాలి. ఆగే లోపు ధర 100.60 అయిపోవచ్చు. అప్పుడు క్లయింట్ ఫోన్ చేస్తాడు. ఈ రెండింటి మధ్య ఎటు మొగ్గాలో తేల్చుకోవడమే ఆ ఉద్యోగం.

నీకు వచ్చిన గణితం దీనికి సరిపోతుంది, మిగులుతుంది కూడా. నిమిషం నిమిషం డేటా తీసుకో. ఒక గంటలో పది వేలు కొనాలనుకో. మొదటి నిమిషంలోనే అన్నీ కొంటే ఎంత, ఐదు నిమిషాలకోసారి పన్నెండు ముక్కలుగా కొంటే ఎంత, ఆ గంట వీవ్యాప్‌తో, అంటే ఏ ధర దగ్గర ఎన్ని షేర్లు చేతులు మారాయో దాన్ని బట్టి లెక్కేసిన సగటు ధరతో, రెండింటికీ తేడా ఎంత? చాలా రోజుల మీద నడిపి, తేడాల సగటే కాదు, చెల్లాచెదురు ఎంత ఉందో కూడా చూడు. ముక్కలు చేస్తే సగటు ఖర్చు తగ్గాలి కానీ, ధర కదిలిపోయే ప్రమాదం పెరుగుతుంది. ఆ రెండో సంగతి రాసేవాళ్లు తక్కువ.

పేపర్_పులి
కాకపోతే ఒక మెలిక ఉంది. నిమిషం డేటాలో ఆర్డర్ బుక్ లోతు ఉండదు. మన పది వేలు కొంటే ధర ఎంత ఎగిరేదో అందులో కనిపించదు. అందుకే ఒక్కసారిగా కొనడం డేటాలో అసలు ఖర్చుకంటే చవగ్గా కనిపిస్తుంది. డేటా ఇచ్చే సగటులో ముక్కలకి లాభమే లేదన్నట్టు తేలినా ఆశ్చర్యం లేదు.

డీలింగ్_డెస్క్
నిజం. ఆ మాట లెటర్‌లో ఒక వాక్యంగా రాయాలి. పరిమితి తెలిసి చెప్పినవాళ్లని ఎవరూ తక్కువ చెయ్యరు. చెప్పకుండా దొరికితేనే ఇబ్బంది.

లాభాల_లక్ష్మణ్
అలా అన్నీ తప్పులే చెప్పుకుంటే ఉద్యోగం ఎవరిస్తారండీ? సొంత ఖాతాలో లాభం ఉంటే అదైనా రాయమనండి.

వ్యాకరణం_వనజ
సొంత ఖాతా ఉంటే దాచకూడదు, కానీ డప్పు కొట్టకూడదు. ఉద్యోగుల సొంత ట్రేడింగ్ మీద బ్రోకరేజ్‌ల్లో కాంప్లయన్స్ నిఘా ఉంటుంది. ఖాతాలు వెల్లడించమంటారు, చాలాచోట్ల కొనేముందు అనుమతి తీసుకోమంటారు. "చేరేటప్పుడు నా ఖాతా వివరాలు ఇస్తాను" అని ఒక్క మాట చాలు. లాభం శాతం రాస్తే ఎంత అప్పు తీసుకుని చేశావన్నదే తర్వాతి ప్రశ్న.

ఇక భాష సంగతి. "అమితమైన ఆసక్తి", "ఒత్తిడిలో పనిచేయగలను", "త్వరగా నేర్చుకుంటాను", ఈ మూడూ కొట్టెయ్యండి. ఎవరి లెటర్‌లోకి అయినా అతుక్కుపోయే వాక్యాలవి. సబ్జెక్టుల జాబితా రెజ్యూమేలో ఉందిగా, మళ్లీ ఎందుకు?

డీలింగ్_డెస్క్
వనజ గారు కొట్టేసిన చోట్లో ఒక ముక్క చేర్చు: తప్పుల గురించి. డెస్క్ పెద్ద కొత్తవాళ్లని చూసి భయపడేది వాళ్లకి తెలివి లేదని కాదు, వేలు జారుతుందని. ఐదు వేలు కొనమంటే ఐదు వేలు అమ్మేశావనుకో. సరిచెయ్యడానికి ఐదు వేలు కొంటే చాలదు, పది వేలు కొనాలి. ఆ లోపు ధర పెరిగితే నష్టం సంస్థది, క్లయింట్‌ది కాదు. అందుకే ఫోన్‌లో ఆర్డర్ వస్తే క్లయింట్ పేరు, కొనడమా అమ్మడమా, ఎన్ని, ఏ షేరు, ఏ ధర, ఎప్పటిదాకా, ఇవన్నీ తిరిగి చదివి వినిపించి అవునన్నాకే కొడతాం. ఇలాంటి అలవాటు నీకుందని చూపించే పని ఏదైనా చేశావా?

సున్నా_బై_సున్నా
డిపార్ట్‌మెంట్‌లో ట్యుటోరియల్ మార్కుల పట్టిక చూసుకునేదాన్ని. మార్కులు రెండు చోట్ల విడివిడిగా ఎక్కించి, రెండూ కలవని వరసలు ప్రోగ్రామ్‌తో ఏరేదాన్ని. ఇది పనికొస్తుందా?

డీలింగ్_డెస్క్
పనికి రావడమేంటి, రోజు చివర ట్రేడ్లు సరిచూడటం అంటే అచ్చంగా అదే! మన బుక్‌లో ఉన్నది, ఎక్స్చేంజ్ పంపింది పక్కపక్కన పెట్టి కలవని వరస పట్టుకోవడం. ఫంక్షనల్ అనాలిసిస్ రాసి దీన్ని వదిలేశావా?

గోడమీద_పిల్లి
నిధి మీద కూర్చుని బనాక్ స్పేస్‌లో వెతుకుతోంది.

సున్నా_బై_సున్నా
ముక్కల లెక్క చేశాను, అరవై రోజుల డేటా మీద. పేపర్_పులి చెప్పినట్టే సగటులో తేడా దాదాపు లేదు. తిరగరాశాను, చూడండి.

"మీ ప్రకటనలోని జూనియర్ ట్రేడర్ ఉద్యోగానికి దరఖాస్తు చేస్తున్నాను. క్లయింట్ ఆర్డర్ల ఎగ్జిక్యూషన్, రోజువారీ సరిచూపు ఈ ఉద్యోగంలో ప్రధానమని అర్థమైంది. ఆ రెండింటికి దగ్గరగా నేను చేసిన పనులివి.

పది వేల షేర్ల కొనుగోలును ఒకేసారి చేయడం, గంట పొడవునా పన్నెండు ముక్కలుగా చేయడం, ఈ రెండు పద్ధతులను అరవై రోజుల నిమిషం డేటా మీద వీవ్యాప్‌తో పోల్చాను. సగటులో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఈ డేటాలో ఆర్డర్ బుక్ లోతు ఉండదు కాబట్టి ఒకేసారి కొనడంలోని అసలు ఖర్చు ఇందులో కనిపించదు. అది కొలవడానికి ఏ డేటా కావాలో తెలుసు.

గణిత విభాగంలో మార్కుల పట్టికను రెండు చోట్ల విడిగా నమోదు చేసి, కలవని వరసలను ప్రోగ్రామ్‌తో పట్టుకునే బాధ్యత చూశాను.

నా పేరున ఉన్న ట్రేడింగ్ ఖాతా వివరాలు చేరేటప్పుడు వెల్లడిస్తాను. ఇంటర్వ్యూకి ఏ రోజైనా, మార్కెట్ తెరవకముందైనా రాగలను."

వ్యాకరణం_వనజ
ఇది చదవాలనిపిస్తోంది. "ప్రధానమని అర్థమైంది" తీసెయ్యండి, వాళ్ల ప్రకటన వాళ్లకే వినిపించినట్టుంది. మొదటి పేరా ఒక్క వాక్యం చాలు. పంపేముందు సంస్థ పేరు గట్టిగా చదవండి. ఒక సంస్థకి రాసింది ఇంకో సంస్థ పేరుతో వెళ్తే, వేలు జారదని రాసిన లెటర్‌లోనే వేలు జారినట్టవుతుంది.

మూడో_దశాంశం
"అరవై రోజులు" అన్నాక చెల్లాచెదురు అంకె కూడా పెట్టు. తేడా లేదని తేల్చడానికి అరవై సరిపోయాయా లేదా అన్నది ఆ అంకె ఉంటేనే తెలుస్తుంది. ఇక బ్యాక్‌టెస్ట్ వాక్యం ఉండాల్సిందని ఇప్పటికీ అంటాను.

డీలింగ్_డెస్క్
వద్దని ఇప్పటికీ అంటాను. కాకపోతే రెజ్యూమేలో ఒక లైన్ ఉందనుకో, ఇంటర్వ్యూలో ఎలాగూ తవ్వుతారు. 0.068 లోంచి 0.07 ఎలా పోయిందో కాగితం మీద వేసి చూపించేలా ఉండు. స్ప్రెడ్ మొత్తం ఎందుకు తీశావు, సగం ఎందుకు కాదు అని అడుగుతారు.

సున్నా_బై_సున్నా
కొన్నప్పుడు సగం, అమ్మినప్పుడు సగం?

డీలింగ్_డెస్క్
అంతే. ఆ వెంటనే, లిమిట్ ఆర్డర్‌తో కొంటే ఆ సగం మిగులుతుందా అని అడుగుతారు. మిగులుతుంది అని ఆగిపోకు. ధర మనకి ఎదురు తిరిగేటప్పుడే లిమిట్ ఆర్డర్లు ఎక్కువగా నిండుతాయి, అనుకూలంగా పరిగెడితే నిండకుండా మిగిలిపోతాయి.

కమిషన్_కనకం
అంటే ఖాతా తెరిస్తే లిమిట్ ఆర్డరే పెట్టమంటారా, వద్దంటారా?